వెదురు షెడ్డు వేసేవాళ్లకు: పురుగు పట్టకుండా, గాలికి లేవకుండా

పొలంలో బస్తాలు పెట్టుకోవడానికో, ఇంటి పక్కన బండి నిలుపుకోవడానికో చిన్న షెడ్డు కావాలంటే వెదురుతో చక్కగా వేసుకోవచ్చు. కాకపోతే మన దగ్గర చాలామంది చేసేదేంటంటే, అడితికి వెళ్లి ఆ రోజు కనబడిన బొంగులు బేరమాడి తెచ్చి, గుంటలు తీసి పాతేసి, పైన నాలుగు మేకులు కొట్టి రేకులు వేసేస్తారు. ఏడాది తిరక్కుండానే తెల్లటి పొడి రాలడం మొదలవుతుంది, రెండో వానాకాలానికి నేలలో ఉన్న భాగం కుళ్లిపోతుంది, ఆ తర్వాత ఏ గాలివానకో పైకప్పు పక్క చేలో తేలుతుంది. అప్పుడు "వెదురు ఏం ఆగుతుందండీ" అంటారు. ఆగుతుంది. మందు లోపలికి ఎక్కాలి, కాళ్లు తడవకూడదు, అతుకు దగ్గర చీలకూడదు. ఈ మూడూ చూసుకుంటే చాలు.

లెక్కలు తేలిగ్గా అర్థం కావడానికి ఒక షెడ్డు అనుకుందాం. వెడల్పు 8 అడుగులు, పొడవు 12 అడుగులు, అటు మూడు ఇటు మూడు గుంజలు, ముందు ఎత్తు 9 అడుగులు, వెనక ఏడున్నర, ఒకే వాలు. చూరు అన్ని వైపులా రెండేసి అడుగులు బయటికి రావాలి, అంటే పైకప్పు సుమారు 12 అడుగులు × 16 అడుగులు.

ఎలాంటి బొంగు తీసుకోవాలి

గుంజలకూ, వాటి మీద పొడవునా పడే రెండు దూలాలకూ మూడున్నర అంగుళాల లావున్న ముళ్ల వెదురు తీసుకోండి, గోడ మందం అర అంగుళం దాకా ఉండాలి. వాసాలకు లాఠీలు చేసే గట్టి వెదురు, శాస్త్రీయంగా డెండ్రోకలామస్ స్ట్రిక్టస్ అంటారు, అది మూడు అంగుళాలది దొరికితే మంచిది. గోదావరి ఏజెన్సీలోనూ ఆదిలాబాద్ వైపూ అడవుల్లో ఎక్కువగా ఉండేది ఇదే, పొడి నేలల్లో పెరిగినదైతే లోపల బోలు చాలా తక్కువ.

లావు కంటే ముఖ్యం వయసు. మూడేళ్లు నిండి ఐదేళ్లలోపు ఉన్నదే కావాలి. రెండేళ్లలోపు దానిలో నీళ్లూ పిండీ ఎక్కువ, ఎండితే ముడుచుకుపోయి చీలుతుంది, పురుగుకైతే పండగే. (మారేడుమిల్లిలో బొంగులో చికెన్‌కి వాడే లేత పచ్చి బొంగు ఉంటుంది చూశారూ, అది వంటకే, షెడ్డుకు కాదు.) పొదలో చూస్తే తేడా తెలుస్తుంది. లేతదానికి కణుపుల దగ్గర పొట్టు ఇంకా అంటుకుని ఉంటుంది, పైన తెల్లటి బూడిద ఉంటుంది, రంగు నిగనిగలాడుతుంది. ముదిరినదానికి పొట్టు రాలిపోయి, బూడిద పోయి, బెరడు మీద తెల్లటి పాచి మచ్చలు వస్తాయి, కత్తి వెనక వైపుతో కొడితే ఖంగుమంటుంది. అడితిలో ఇప్పటికే ఎండినవి కొంటుంటే కోసిన చివర్లు చూడండి. గుండుసూది తలంత రంధ్రాలున్నా, బొంగు నిలబెట్టి నేల మీద రెండుసార్లు తడితే పొడి రాలినా, ధర ఎంత తగ్గించినా వద్దు.

నరికే కాలం కూడా చూసుకోవాలి. వానల్లో కొత్త పిలకలు వస్తాయి, కాబట్టి అప్పుడు నరక్కండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన సమయం, రసంలో పిండి తగ్గి ఉంటుంది. అమావాస్యకు నరికితే పురుగు పట్టదని పెద్దవాళ్లు అంటారు, మీకు నమ్మకముంటే అలాగే నరకండి, కానీ దాన్ని నమ్ముకుని మందు మానేయకండి. నేల నుంచి మొదటి కణుపుకో రెండో కణుపుకో సరిగ్గా పైన కోయాలి, కింద మిగిలిన మోడులో గిన్నెలా నీళ్లు నిలిస్తే పొద అడుగు నుంచి కుళ్లుతుంది. ఇంకో మాట, 2017లో అటవీ చట్టం సవరించాక అడవి బయట, సొంత నేలలో పెంచిన వెదురు ఆ చట్టం ప్రకారం చెట్టు కింద రాదు. అడవిలోది మాత్రం అనుమతి లేకుండా నరకకూడదు.

మందు లోపలికి ఎక్కించడం

వెదురును తినే పుచ్చు పురుగు మూడు మిల్లీమీటర్ల నల్లటి చిన్న పెంకు పురుగు, డైనోడెరస్ అంటారు. దానికి కావలసింది వెదురు లోపలి పిండి పదార్థం. అది బెరడును తొలిచి రాదు, కోసిన చివరల నుంచో, కొమ్మ విరిచిన గాయం నుంచో దూరుతుంది. బెరడు మైనం పూసినట్టు ఉంటుంది, దాంట్లోంచి పురుగూ రాదు, మీరు పూసే మందూ రాదు. బ్రష్‌తో వార్నిషో కిరోసినో పూసి ఊరుకోవడం దండగ అనేది అందుకే. పైగా వెదురులో రసం తిరిగే సన్నటి గొట్టాలన్నీ నిలువుగానే ఉంటాయి, చెక్కలోలాగా అడ్డంగా పాకవు. కాబట్టి మందు చివరల నుంచీ, లోపలి బోలు వైపు నుంచీ ఎక్కాలి. అందుకే ముందుగా కణుపులన్నిటినీ లోపల పొడవాలి.

16 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీ తీసుకుని, బొంగు కంటే కాస్త పొడవుండేలా చూసి, ఒక చివర ఉలిలా పదును పెట్టించండి. బొంగును నేల మీద పడుకోబెట్టి ఒకరు పట్టుకుంటే, ఇంకొకరు కడ్డీని లోపలికి దూసి ఒక్కో కణుపు లోపలి పొరనూ ఛేదించుకుంటూ పోవాలి. పొర తెగినప్పుడు టప్పుమని చప్పుడొస్తుంది, కడ్డీ ఒక్కసారిగా ముందుకు జారుతుంది. మొత్తం పొర పీకేయక్కర్లేదు, మధ్యలో బొటనవేలంత కన్నం పడితే చాలు, అంచులు ఉండనివ్వండి. ఆ అంచులే బొంగు నలగకుండా ఆపేవి, తర్వాత సిమెంటు మాలు పోసినప్పుడు పట్టునిచ్చేవి కూడా అవే.

మందు అంటే వెలిగారం, అంటే బోరాక్స్, దాంతోపాటు బోరిక్ యాసిడ్. క్యారమ్ బోర్డు మీద చల్లుకునే పొడి ఉంది కదా, ఆ బోరిక్కే. 100 లీటర్ల నీళ్లకు 3 కిలోల వెలిగారం, 2 కిలోల బోరిక్ యాసిడ్. విడిగా కంటే రెండూ కలిపితేనే నీళ్లలో బాగా కరుగుతాయి. చన్నీళ్లలో మాత్రం కరిగించలేక విసుగొస్తుంది, ఒక డ్రమ్ములో నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా కాచి అందులో కలిపి, ఆ తర్వాత తొట్టెలో పోయండి.

తొట్టె కోసం నేలలో 17 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల లోతు కాలువ తీసి, రాళ్లు ఏరేసి, మందపాటి టార్పాలిన్ పరవండి. మన షెడ్డుకు ఆరు గుంజలు, రెండు 16 అడుగుల దూలాలు, పన్నెండున్నర అడుగుల వాసాలు ఎనిమిది, వాసాల మీద అడ్డంగా వేసే 16 అడుగుల సన్న బొంగులు ఐదు, ఊతలకు ఆరు ముక్కలు కావాలి. ఇవన్నీ పేర్చాక అడుగు ఎత్తు నిండడానికి సుమారు 800 లీటర్లు పడుతుంది, అంటే వెలిగారం 24 కిలోలు, బోరిక్ యాసిడ్ 16 కిలోలు. ముక్కలన్నీ ముందే కొలతకు కోసేసుకోవాలి, మందు పెట్టాక కోస్తే ఆ కొత్త చివర బలహీనంగా మిగులుతుంది. తప్పక కోయాల్సి వస్తే ఆ చివరకు అదే ద్రావణం నాలుగైదుసార్లు పట్టించండి.

పచ్చి బొంగైతే నరికిన రెండు మూడు రోజుల్లో తొట్టెలో వేసేయండి, లోపల తడి ఉన్నప్పుడే మందు ఆ తడిలోకి పాకుతుంది. వేసేటప్పుడు ఒక చివర పైకెత్తి లోపలి గాలి పోనివ్వాలి, బుడగలు రావడం ఆగాక దించాలి, లేకపోతే తేలుతూనే ఉంటుంది. ఎలాగూ తేలతాయి కాబట్టి పైన అడ్డకర్రలు పెట్టి ఇసుక బస్తాలు వేయండి. పది రోజులు ఉంచండి. పైన ఇంకో పట్టా కప్పి పశువులు ఆ నీళ్లు తాగకుండా చూసుకోవాలి, ఇది చాలా ముఖ్యం, పిల్లల్ని కూడా అటు రానివ్వొద్దు. మిగిలిన ద్రావణాన్ని చేలో పారబోయకండి, మందులోని బోరాన్ ఎక్కువైతే పైరు ఆకుల అంచులు మాడిపోతాయి. పక్కింటివాళ్లకో బంధువులకో బొంగులు నానబెట్టుకోవడానికి ఇచ్చేయండి, కాకపోతే పచ్చి బొంగులోని నీళ్లతో ద్రావణం పలచబడి ఉంటుంది కాబట్టి కొంచెం మందు కలపమని చెప్పండి.

మందు ఎక్కిందో లేదో ఎలా తెలుస్తుంది? వాటితోపాటే ఒక ఆరడుగుల ముక్కను కూడా నానబెట్టి, తర్వాత దాన్ని సరిగ్గా మధ్యలో కోసి ఆరబెట్టండి. బోరాన్ ఉన్నచోట పసుపు ఎర్రబడుతుంది, పరీక్ష దీని మీదే ఆధారపడి ఉంది. కానీ వంటింటి పసుపు నీళ్లలో కలిపి రాస్తే నమ్మలేం, సున్నం తగిలి పారాణి అయినట్టు వెలిగారంలోని క్షారానికే ఎర్రబడొచ్చు. పసుపును స్పిరిట్‌లో నానబెట్టి తేర్చిన నీరు ముందు రాసి, ఆరాక హైడ్రోక్లోరిక్ యాసిడ్, సాలిసిలిక్ యాసిడ్ కలిపిన స్పిరిట్ ద్రావణం రాయాలి, అప్పుడూ ఎర్రగా ఉంటేనే బోరాన్ ఉన్నట్టు, పసుపుగానే ఉంటే అక్కడిదాకా మందు రాలేదన్నట్టు. ఊళ్లో కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో తెలిసినవాళ్లుంటే పది నిమిషాల పని. బయటి గోడ పక్క సన్నటి గీత పసుపుగా మిగిలినా పర్లేదు, లోపలి సగం పసుపుగా ఉంటే మరో వారం నానబెట్టండి.

చెరువులో నెల రోజులు ముంచి తీయడం పాత పద్ధతి. పిండి కొంత కరిగిపోతుంది కాబట్టి పుచ్చు తగ్గుతుంది, అది నిజమే. కానీ చెదలకు అది పనికిరాదు. మన వెలిగారం, బోరిక్ మందుకూ ఒక పరిమితి ఉంది, నీళ్లలో కరిగేది కాబట్టి వానకు కడుక్కుపోతుంది. రెండడుగుల చూరు పెట్టమన్నది అందుకే.

తొట్టెలోంచి తీసినవాటిని వారం రోజులు నిలబెట్టి కారనిచ్చి, తర్వాత నీడలో, గాలాడేచోట నెల నుంచి రెండు నెలలు ఆరనివ్వండి. ఎండలో పెడితే ఒక వైపు ముందు ఎండి నిలువునా చీలుతుంది. ఒక బొంగు మీద గుర్తు పెట్టుకుని వారానికోసారి తూకం వేయండి, బరువు తగ్గడం ఆగిందంటే ఆరినట్టే. ఈ రెండు నెలలు ఆగలేకే చాలామంది పచ్చిగా వాడేస్తారు, ఆ తర్వాత కట్లన్నీ వదులైపోయాయని తలపట్టుకుంటారు.

కాళ్లు నేలకు తగలకూడదు

వెదురును నేలలో పాతకండి. తారు పూసినా, ప్లాస్టిక్ చుట్టినా అంతే, లోపల చెమ్మ పట్టుకుని ఇంకా తొందరగా పోతుంది. ఒక్కో గుంజకు ఒకటిన్నర అడుగుల చదరం, రెండడుగుల లోతు గుంట తీసి కాంక్రీటు పోసి, దాని మీద నేలకు అడుగు ఎత్తున చిన్న దిమ్మె కట్టండి. దిమ్మె మధ్యలోంచి 12 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీ ఒకటిన్నర అడుగు పైకి వచ్చేలా ముందే నిలబెట్టాలి, దాని కింది చివర కాంక్రీటులో వంచి ఉండాలి.

ఇంత పెద్ద పునాది ఎందుకంటారా? ఇలాంటి తేలిక కట్టడానికి బరువుతో కింద పడే భయం పెద్దగా ఉండదు, గాలికి పైకి లేచే భయమే ఎక్కువ. గంటకు 144 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు దాదాపు 98 కిలోల ఒత్తిడి పెడుతుంది. మన పైకప్పు దాదాపు 18 చదరపు మీటర్లు, అంటే సుమారు 1750 కిలోలు పైకి లాగుతుంది, ఒక్కో గుంజకు 300 కిలోల దాకా వస్తుంది. మన దిమ్మె కింద కాంక్రీటు బరువు కూడా ఇంచుమించు అంతే. కోస్తాలో ఇంకా గట్టిగా ఉండాలి. ఇంజనీర్లు లెక్కకు తీసుకునే గాలి వేగం హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లయితే విశాఖకు 50, కాబట్టి అక్కడ గుంటను రెండడుగుల చదరం చేయండి.

గుంజను కడ్డీ మీదికి దించి, కింది చివర నుంచి ఒకటిన్నర అడుగు పైన పక్కన అంగుళం కన్నం పెట్టి, ఒక వంతు సిమెంటుకు మూడు వంతుల ఇసుక కలిపి, జారేలా కలిపిన మాలు అందులోంచి నిండా పోయండి. కర్రతో పక్కన తడుతూ పోస్తే గాలి బుడగలు పోతాయి. బొంగు ఆరాక మాలుకు, వెదురుకు మధ్య కాస్త సందు వస్తుంది, అందుకే మాలు నిండిన భాగంలో ఒక కణుపుకు దగ్గరగా పది మిల్లీమీటర్ల బోల్టు అడ్డంగా వేయాలి. అడ్డబోల్టుకు కన్నం ముందే పెట్టుకుని, బోల్టు దూర్చాక మాలు పోస్తే పని తేలిక.

అతుకులు: చీలకుండా ఎలా

వెదురు నిలువునా లాగితే చాలా గట్టిది, వంగినా విరగదు. కానీ నారలను పక్కకు తోస్తే ఇట్టే చీలుతుంది. మేకు చేసేది సరిగ్గా అదే. కాబట్టి మేకు అనేదే వద్దు, ప్రతి కన్నమూ డ్రిల్లుతోనే, అదీ కణుపుకు దగ్గరగా.

అన్నిటికంటే ముఖ్యమైనది గుంజ తల మీద దూలం కూర్చునే చోటు, అది ఒకటి బాగా చేస్తే మిగతావి వస్తాయి. గుంజ పై చివర కణుపుకు మూడంగుళాల పైన కోయండి. దూలం బొంగు ముక్కను దాని తల మీద ఆనించి పెన్సిల్‌తో గుండ్రంగా గీత గీసుకుని, రెండు వైపులా ఏటవాలుగా రంపంతో కోసి, గుండ్రటి ఆకురాయితో రాస్తూ గాడి చేయండి. గాడి అడుగు నుంచి కణుపు దాకా కనీసం అంగుళంన్నర మిగలాలి. దూలం పెట్టి వెలుతురుకు ఎదురుగా చూస్తే సందులోంచి వెలుగు కనబడకూడదు, కనబడితే బరువంతా రెండు అంచుల మీదే పడి అక్కడి నుంచి చీలిక మొదలవుతుంది.

తర్వాత ఆ కణుపుకు కింద, ఆనుకుని, గుంజకు అడ్డంగా ఒక బోల్టు వేయండి. పది మిల్లీమీటర్ల కడ్డీ ఒక చివర కొక్కెంలా వంచి, ఇంకో చివర మర వేయించి, గుంజ లోపల నుంచి ఆ అడ్డబోల్టుకు తగిలించి, పైన దూలానికి నిలువుగా పెట్టిన కన్నంలోంచి బయటికి తీసి వాషరూ నట్టూ బిగించాలి. గాలి దూలాన్ని పైకి లాగినప్పుడు ఆ లాగుడు అడ్డబోల్టు మీద, అక్కడి నుంచి కణుపు మీద పడుతుంది, కణుపు ఆపుతుంది. బోల్టు కణుపుకు పైన వేస్తే మాత్రం అది బొంగును చీల్చుకుంటూ పైకొచ్చేస్తుంది. నట్టును చేత్తో బిగించి పాన పెట్టి పావు వంతు తిప్పండి, అంతే. దూలంలో ఆ బోల్టు ఉన్న చోట, రెండు కణుపుల మధ్య గదిలో కూడా మాలు నింపి, వారం ఆరాక అసలు బిగింపు చేయాలి, ఖాళీ బొంగును బిగిస్తే నలిగిపోతుంది. బోల్టు చుట్టూ మాలు నింపే ఈ పద్ధతిని కొలంబియాలో సిమోన్ వెలెస్ అనే ఆర్కిటెక్టు పెద్ద పెద్ద కట్టడాల్లో వాడి పేరు తెచ్చుకున్నారు.

దూలం మీద వాసాలను రెండు అడుగుల మూడు నాలుగు అంగుళాలకు ఒకటి చొప్పున వేయండి. ప్రతి వాసానికీ బోల్టు వేస్తే దూలమంతా కన్నాలే అవుతుంది, అందుకని ఇక్కడ కట్టే మేలు. పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, దాని మీద 8 గేజ్ జీఐ తీగ రెండు చుట్లు వేసి మెలితిప్పండి, ట్యూబు లేకపోతే తీగ వెదురులోకి కోసుకుపోతుంది. వాసాల మీద అడ్డంగా వేసే సన్న బొంగులకు కొబ్బరి తాడు చాలు. తాడును రాత్రంతా నానబెట్టి తడిగా కట్టండి, ఆరుతూ ముడుచుకుని బిగుస్తుంది. నైలాన్ తాడు మెల్లగా సాగుతుంది, పైగా ఎండకు పొడిబారుతుంది.

మూలల దగ్గర ఏటవాలు ఊతలు మరవకండి. గుంజకు, దూలానికి మధ్య త్రిభుజంలా వచ్చే ఆ ముక్కలు లేకపోతే షెడ్డు పక్కకు ఊగుతుంది, ఒక మనిషి గుంజను పట్టుకుని తోస్తే తెలిసిపోతుంది. రేకులు వేసేటప్పుడు కూడా మేకులు కాదు, జే బోల్టులు, సన్న బొంగు చుట్టూ పట్టుకునేవి. చూరు వరుసలో రేకు ప్రతి రెండో ఉబ్బు మీద ఒకటి వేయాలి, గాలి ముందు లేపేది అక్కడే.

వేశాక చూసుకోవాల్సినవి

మొదటి ఏడాది వాన ముందోసారి, తర్వాతోసారి నట్లూ తీగలూ బిగించండి, వెదురు ఇంకా కొంచెం ముడుచుకుంటూనే ఉంటుంది. కింద సన్నటి పిండి కనబడితే తుడిచేసి రెండు రోజుల తర్వాత చూడండి. మళ్లీ పడితే పురుగు లోపల బతికే ఉంది. పైన ఆ పొడికి తిన్నగా రంధ్రాలు వెతికి, సిరంజితో వేడి చేసిన వెలిగారం, బోరిక్ ద్రావణం నాలుగైదు రోజులు ఎక్కించండి. వాసమైతే తీసి కొత్తది వేయడమే నయం. చెదలైతే దిమ్మె మీదుగా మట్టి గొట్టం కట్టుకుంటూ పైకి రావాలి, దిమ్మె ఎత్తుగా ఉంది కాబట్టి కంటికి కనబడుతుంది, గీకేసి చెదల మందు కొట్టండి.

నిలువు చీలిక వస్తే కంగారు పడక్కర్లేదు. రెండు కణుపుల మధ్యే ఉంటే దానికి రెండు వైపులా స్టీలు క్లాంపు బిగిస్తే సరిపోతుంది. చీలిక కణుపు దాటి పక్క గదిలోకి పోయినా, బోల్టు కన్నంలోంచి మొదలైనా ఆ ముక్కను మార్చేయండి, మార్చేలోపు కింద ఒక కర్ర ఊతం పెట్టండి.